ఎండలో ఫోన్: అద్దం దగ్గర స్టాండులో రెండు గంటలు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఎండల్లో ఫోన్ గురించి చెప్పాలంటే చాలా ఉంది. అన్నీ ముట్టుకోను. ఒక్క ప్రయాణాన్ని తీసుకుని దాని వెంటే వెళ్తాను. బయట 40 డిగ్రీల ఎండ, మిట్ట మధ్యాహ్నం, కారులో రెండు గంటల దారి. ఫోన్ ముందు అద్దానికి అంటించిన స్టాండులో ఉంది. మ్యాప్ నడుస్తోంది. స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంది. కింద ఫాస్ట్ ఛార్జర్ గుచ్చాం. దారిలో ఒకచోట దిగి వీడియో తీస్తాం, ఇంకోచోట భోజనానికి ఆగి ఫోన్ స్టాండులోనే వదిలేసి వెళ్తాం. మీలో చాలామంది చేసే పనే కదా ఇది? రిపేరు బల్ల మీదకి నా దగ్గరకొచ్చే ఫోన్లలో వేసవి దెబ్బ తిన్నవి చాలావరకు ఇలా వాడినవే.

ముందుగా ఒక ప్రశ్న. ఫోన్‌లో ఫ్యాన్ ఉందా? మామూలు ఫోన్లలో లేదు. లాప్‌టాప్‌కి ఉంటుంది, ఫోన్‌కి ఉండదు. మరి లోపల పుట్టిన వేడి ఎటు పోవాలి? వెనక పలక నుంచి, స్క్రీన్ నుంచి, పక్కనున్న గాలిలోకి పోవాలి. వేరే దారి లేదు. నీరు పల్లమెరిగినట్టు, వేడి కూడా ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకే పోతుంది. పల్లం ఎంత లోతుగా ఉంటే అంత వేగంగా పారుతుంది. పల్లమే లేకపోతే? అక్కడే నిలిచిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, భయపడకండి, తీసివేత ఒక్కటే. ఫోన్ ఒంటి వేడి దాదాపు 43 డిగ్రీలు దాటకుండా చూసుకుంటుంది అనుకుందాం. కంపెనీని బట్టి అటూ ఇటూ ఉంటుంది కానీ, చేతిని కాల్చకూడదు కాబట్టి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గదిలో గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా ఎంత? 18. గాలి 38 డిగ్రీలు ఉంటే? అయిదే. అంటే గదిలో నాలుగు వాట్ల వేడిని బయటికి పంపగలిగిన ఫోన్, ఆ గాలిలో సుమారు ఒక వాటే పంపగలదు. ఫోన్ అదే, ప్రాసెసర్ అదే, పని కూడా అదే. బయటికి పోయే దారి మాత్రం నాలుగో వంతుకి కుంచించుకుపోయింది. నేను ఇవాళ చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది, అందుకే మళ్లీ చెప్తున్నాను: ఎండ రోజున ఫోన్ వదిలించుకోగలిగిన వేడి చాలా తక్కువ. ఆ కాస్తలో మ్యాప్ కావాలా, ఛార్జింగ్ కావాలా, కెమెరా కావాలా అన్నది మనం తేల్చుకోవాలి. అన్నీ ఒకేసారి కావాలంటే కుదరదు. మనం తేల్చకపోతే ఫోనే తేల్చేస్తుంది, మనకి నచ్చని పద్ధతిలో.

మరి మన ప్రయాణంలో ఎంత వేడి పుడుతోంది? స్క్రీన్ పూర్తి వెలుగులో ఉంటే ఒకటిన్నర, రెండు వాట్లు. ప్రాసెసర్, నెట్, మ్యాప్ గీయడం కలిపి ఇంకో వాటు. ఛార్జింగ్ వల్ల, వైరుతో అయితే, ఇంకో వాటు దాకా. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే. అసలు పెద్దది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. ఏమిటది? ఎండ! నిర్మలమైన ఆకాశం ఉన్న మధ్యాహ్నం సూర్యుడి నుంచి ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్లు పడతాయి. ఫోన్ 16 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు అనుకోండి. దాని మీద పడేది 12 వాట్లు. కారు అద్దం కొంత ఆపుతుంది, ఫోన్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఇంకొంత తగ్గుతుంది. సగానికి సగం కొట్టేసినా ఇంకా ఆరు వాట్లు. నల్లటి గాజు దానిలో ఎక్కువ భాగాన్ని పీల్చేసుకుంటుంది. అంటే మీ ఫోన్ లోపల జరిగే పనంతా కలిపి పుట్టించే వేడి కంటే దాని మీద పడే ఎండ ఇచ్చే వేడి ఎక్కువ! యాప్‌లు మూసేస్తాం, బ్లూటూత్ ఆపేస్తాం, కానీ ఫోన్‌ను ఎండలోంచి పక్కకి జరపం. మొదట చేయాల్సిన పని అదే.

అందుకే స్టాండు చోటు మార్చండి. ముందు అద్దం నుంచి తీసి ఏసీ గాలి వచ్చే చోట పెట్టండి. అక్కడ ఒక దెబ్బకి రెండు లాభాలు. ఎండ తగ్గుతుంది, గాలి 25 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన తేడా తిరిగి వస్తుంది. ఏసీ వేసుకున్న కారులో కూడా అద్దాన్ని అంటుకుని ఉన్న ఫోన్ వేడెక్కడం మీరు చూసే ఉంటారు. కారులో చల్లగా ఉంది కదా, ఫోన్ ఎందుకు కాలుతోంది అనుకుంటారు. దాని మీద ఎండ పడుతోంది, గాలి తగలడం లేదు, అంతే. మరి టూ వీలర్ మీద? బండి నడుస్తున్నంత సేపు గాలి తగులుతుంది కాబట్టి కొంత నయం. సిగ్నల్ దగ్గర ఆగారా, ఆ గాలి ఆగిపోతుంది, ఎండ మాత్రం ఆగదు. అక్కడే ఒక్కసారిగా వేడి పైకి వెళ్తుంది. ఆగినప్పుడు ఫోన్ మీద చెయ్యి నీడ పెట్టినా ఉపయోగమే.

ఇక మ్యాప్ సంగతి. జీపీఎస్ వల్ల ఫోన్ వేడెక్కుతుంది అంటారు. నిజానికి జీపీఎస్ చిప్ వాడే కరెంటు చాలా కొంచెం, వాటులో చిన్న భాగం. వేడెక్కించేది స్క్రీన్. దాని తర్వాత నెట్. సిగ్నల్ బలహీనంగా ఉన్న రోడ్డు మీద ఫోన్ టవర్‌ని అందుకోవడానికి గట్టిగా ప్రసారం చేయాల్సి వస్తుంది, ఆ భాగం బాగా వేడెక్కుతుంది. అందుకని బయల్దేరే ముందు ఆ దారి మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో తిన్నగా పోయే రోడ్డు వచ్చినప్పుడు స్క్రీన్ ఆపేసి మాట వినండి. నలభై కిలోమీటర్లు మలుపే లేని రోడ్డు మీద బాణం గుర్తు చూస్తూ కూర్చోవడం ఎందుకు? కొన్ని ఫోన్లు ఈ పని వాటంతట అవే చేస్తాయి. ఐఫోన్ బాగా వేడెక్కితే స్క్రీన్ ఆర్పేసి దారి మాత్రం గొంతుతో చెప్తూనే ఉంటుంది, మలుపు దగ్గర స్క్రీన్ వెలుగుతుంది. అది పాడైపోయిందని చాలామంది కంగారుపడతారు. పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది.

కారు స్క్రీన్‌కి కలిపే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. ఫోన్ స్క్రీన్ ఆగిపోతుంది, ఫోన్‌ను నీడలో, సీట్ల మధ్య అరలో పెట్టుకోవచ్చు. కానీ మూత మూసేయకండి. గాలి ఆడాలి.

ఇప్పుడు ఛార్జింగ్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే.

లిథియం అయాన్ బ్యాటరీకి ఛార్జింగ్ చేయదగ్గ వేడి సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీలు. ఇది గాలి వేడి కాదు, బ్యాటరీ సెల్ వేడి. బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవడానికి 60 దాకా ఓర్చుకుంటుంది, నింపుకోవడానికి మాత్రం అంత ఓర్పు లేదు. బ్యాటరీ దగ్గర ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, థర్మిస్టర్ అంటాం. అది వేడి చూసి చెప్తుంది, ఫోన్ ముందు ఛార్జింగ్ వేగం తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే పూర్తిగా ఆపేస్తుంది. ఐఫోన్‌లో `Charging On Hold` అని వస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వేడి వల్ల ఛార్జింగ్ ఆగిందని మెసేజ్ వస్తుంది, కొన్నిట్లో ఏమీ రాదు, ఊరికే శాతం పెరగకుండా ఉండిపోతుంది.

అప్పుడు మనం ఏం చేస్తాం? కేబుల్ మారుస్తాం. ఛార్జర్ మారుస్తాం. ఇంకా పెద్ద ఫాస్ట్ ఛార్జర్ కొంటాం! తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం చాలా తేలిక. అదే కేబుల్, అదే ఛార్జర్‌తో చల్లటి గదిలో, ఫోన్ చల్లారాక పెట్టి చూడండి. అక్కడ మామూలుగా ఎక్కితే కేబుల్ బాగానే ఉంది, అడ్డుపడింది వేడే. అక్కడా ఎక్కకపోతే అప్పుడు కేబుల్‌ని, పోర్టుని అనుమానించండి.

అసలు ఈ ప్రయాణంలో ఛార్జర్ అవసరమా అని ఎవరైనా అడిగారా? లెక్క చూద్దాం. 5000 మిల్లీ ఆంపియర్ అవర్స్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్స్ ఉంటాయి. స్క్రీన్ ఫుల్ వెలుగులో, మ్యాప్, నెట్ కలిపి మూడు వాట్లు అనుకుంటే రెండు గంటలకు ఆరు. అంటే బ్యాటరీలో మూడో వంతు. ఇంట్లో పొద్దున చల్లటి వేళ 80 శాతం ఎక్కించుకుని బయల్దేరితే, ఏ ఛార్జరూ లేకుండా, దిగేసరికి ఇంకా 45, 50 శాతం మిగులుతుంది. స్క్రీన్ ఆపేసి మాటతోనే వెళ్తే ఇంకా చాలా మిగులుతుంది. అలాంటప్పుడు మండే ఎండలో దానికి ఛార్జర్ గుచ్చడం ఎందుకు? బ్యాటరీ పాతదై సగం పని చేస్తుంటే వేరే సంగతి. అప్పుడు కూడా ఫాస్ట్ ఛార్జర్ వద్దు, నెమ్మదిగా ఎక్కించే మామూలు పోర్టు వాడండి. ఎంత నెమ్మదిగా ఎక్కితే అంత తక్కువ వేడి.

వైర్‌లెస్ ఛార్జింగ్ స్టాండులు కారులో పెట్టుకుంటున్నారు, దాని గురించి గట్టిగా చెప్తాను. ఎండకాలం పగటిపూట అది వద్దు. ఛార్జర్ నుంచి బయల్దేరిన కరెంటులో చెప్పుకోదగ్గ భాగం దారిలోనే వేడిగా మారిపోతుంది, ఆ వేడి పుట్టేది ఎక్కడ? సరిగ్గా ఫోన్ వీపు మీద, బ్యాటరీకి ఆనుకుని. ముందు నుంచి ఎండ, వెనక నుంచి ఛార్జర్ కాయిల్. ఫోన్‌కి వేడి వదిలే మొహమే మిగలదు.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. 4కె వీడియో, అదీ సెకనుకి 60 ఫ్రేములతో, ఫోన్ చేసే బరువైన పనుల్లో ఒకటి. సెన్సర్, ప్రాసెసర్, స్క్రీన్ మూడూ ఒకేసారి పని చేస్తాయి. కాబట్టి ఎండలో నిలబడి పది నిమిషాలు ఏకబిగిన తీయకండి. 1080పి, 30 ఫ్రేములు పెట్టుకుని చిన్న చిన్న ముక్కలుగా తీయండి. తీయని సమయంలో కెమెరా యాప్ తెరిచి ఉంచకండి. రికార్డింగ్ నొక్కకపోయినా సెన్సర్, స్క్రీన్ పని చేస్తూనే ఉంటాయి. లైవ్ వీడియో అన్నింటికంటే బరువు, దానికి నెట్ కూడా తోడవుతుంది. ఫ్లాష్ పని చేయడం లేదని, టార్చ్ వెలగడం లేదని వస్తారు కొందరు. వేడెక్కితే ఫోనే దాన్ని ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ చూడండి. ఇంకో మాట, ఏసీ కారులోంచి ఉక్కపోతలోకి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఊరికే రుద్దకండి, ఫోన్ బయటి వేడికి రావడానికి కొద్ది నిమిషాలు ఆగండి, అదే పోతుంది.

ఇప్పటివరకు చెప్పినవన్నీ ఫోన్ తనను తాను కాపాడుకునే సంగతులు. వెలుగు తగ్గడం, ఛార్జింగ్ ఆగడం, మ్యాప్ నత్తనడక నడవడం, చివరికి చల్లారేదాకా వాడొద్దని స్క్రీన్ మీద హెచ్చరిక రావడం. ఇవేవీ డ్యామేజీ కాదు. డ్యామేజీ ఎప్పుడు జరుగుతుంది? ఫోన్ ఏమీ చేయలేనప్పుడు. మనం భోజనానికి దిగినప్పుడు.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన ఒక పరిశీలన ఉంది. 38 డిగ్రీలు దాటిన రోజుల్లో కార్లను గంటసేపు ఎండలో నిలిపి చూశారు. లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు చేరింది. డాష్‌బోర్డు 69 డిగ్రీలు. సీటు 51. అదే నీడలో నిలిపిన కారులో గాలి 38, డాష్‌బోర్డు 48, సీటు 41. ఈ అంకెలు పెట్టుకుని మన ఫోన్ ఎక్కడుందో చూడండి. ఐఫోన్‌కి వాడకుండా ఉంచేటప్పుడు కూడా 45 డిగ్రీలు దాటకూడదని కంపెనీయే చెప్తుంది. ఎండలో ఉన్న డాష్‌బోర్డు దానికి 24 డిగ్రీలు పైన ఉంది.

స్విచాఫ్ చేసి పెట్టాను కదండీ అంటారు. స్విచాఫ్ చేస్తే లోపల పుట్టే వేడి ఆగుతుంది, బయటి నుంచి వచ్చేది ఆగదు. బ్యాటరీ లోపల రసాయన చర్యలకు స్విచ్ లేదు. వేడి పెరిగేకొద్దీ లోపలి ద్రవం ఎలక్ట్రోడ్‌తో చర్య జరుపుతూ పోతుంది, దాని మీద ఏర్పడే పొర మందమవుతుంది, అందులో చిక్కుకున్న లిథియం మళ్లీ పనికి రాదు. అంత మేర బ్యాటరీ సామర్థ్యం పోయినట్టే, తిరిగి రాదు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బ్యాటరీ ఎంత నిండుగా ఉంటే వేడి దాన్ని అంత ఎక్కువగా తింటుంది. బ్యాటరీ రంగంలో తరచూ చూపించే అంకెలు చెప్తాను. 40 డిగ్రీల వేడిలో ఏడాది పాటు ఊరికే ఉంచితే, 40 శాతం ఛార్జితో ఉన్న సెల్‌లో 85 శాతం సామర్థ్యం మిగులుతుంది. నూటికి నూరు నింపి ఉంచిన సెల్‌లో? 65 మాత్రమే. వేడి ఒకటే, కాలం ఒకటే. తేడా అంతా ఎంత నింపామన్న దానిలోనే. అందుకే ఎండాకాలంలో ఛార్జింగ్‌ను 80 దగ్గర ఆపే సెట్టింగ్ మీ ఫోన్‌లో ఉంటే ఇప్పుడే ఆన్ చేయండి. వంద శాతం నిండి, ఛార్జర్‌కి తగిలించి, ఎండలో ఉన్న ఫోన్, బ్యాటరీకి ఇంతకంటే చెడ్డ స్థితి ఇంకోటి లేదు.

ఇంకో డ్యామేజీ జిగురుకి. స్క్రీన్, వెనక పలక ఫ్రేముకి అంటుకుని ఉండేది జిగురుతోనే. మేము ఫోన్ విప్పేటప్పుడు హీటింగ్ ప్యాడ్ మీద 80 డిగ్రీల దగ్గర వేడి చేసి ఆ జిగురును మెత్తబరుస్తాం. ఎండలో డాష్‌బోర్డు 69 అన్నాను కదా. మేము కావాలని చేసే పనికి దాదాపు దగ్గరగా, రోజూ, తెలియకుండా జరుగుతోంది. ఒక్కరోజులో ఊడిపోదు. కానీ పదే పదే మెత్తబడి గట్టిపడిన జిగురు మునుపటిలా పట్టి ఉండదు. అలాంటి ఫోన్‌ను వాటర్‌ప్రూఫ్ అని నమ్మి నీళ్లలో పెట్టకండి. ఓఎల్‌ఈడీ స్క్రీన్లకి కూడా వేడి, ఎక్కువ వెలుగు కలిస్తే మచ్చలు త్వరగా పడతాయి. రోజంతా మ్యాప్ పెట్టుకునే డ్రైవర్ల ఫోన్లలో, ఎప్పుడూ ఒకేచోట ఉండే ఆ పైపట్టీ ఆకారం స్క్రీన్‌లో అచ్చు పడిపోతుంది.

మరి దిగేటప్పుడు ఏం చేయాలి? ఫోన్‌ను వెంట తీసుకెళ్లండి. ఒకవేళ కారులో వదలక తప్పకపోతే నీడలో నిలపండి, సీటు కింద, నేల దగ్గర పెట్టండి. వచ్చాక కాలిపోతున్న ఫోన్‌ను వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకండి. కవరు తీసేయండి, స్క్రీన్ ఆపేయండి, ఫ్యాన్ గాలికో ఏసీ గాలికో గట్టి, చల్లటి నేల మీద పెట్టండి. పరుపు మీద, దిండు మీద కాదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి! బయటికి తీయగానే చల్లటి ఫోన్ మీద, సందుల్లో, లోపల తేమ పడుతుంది. వేడి చేయని నష్టం ఆ తేమ చేస్తుంది.

ఇందాక ఒకమ్మ చీటీ పంపారు, బ్యాటరీ ఉబ్బిందని ఎలా తెలుస్తుంది అని. మంచి ప్రశ్న. ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి మూలల మీద వేలితో నొక్కండి. ఎప్పుడూ కదలని ఫోన్ ఊగుతుంటే అనుమానించండి. కెమెరా ఎత్తుగా ఉన్న ఫోన్లు మామూలుగానే ఊగుతాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. వాటిని అంచు వెంట చూడండి. స్క్రీన్‌కీ ఫ్రేముకీ మధ్య గోరు దూరేంత సందు వచ్చిందా? స్క్రీన్ ఒకచోట నొక్కితే రంగు మారుతోందా? వెనక పలక మధ్యలో పొంగిందా? ఏ ఒక్కటి కనిపించినా ఆ ఫోన్‌ను స్విచాఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టకండి, సందును చేత్తో నొక్కి మూసే ప్రయత్నం చేయకండి, సూదితో గాలి తీయాలని అస్సలు చూడకండి. లోపలి పొరలు ఒకదానికొకటి తాకితే మంట పుడుతుంది. మండే వస్తువులకు దూరంగా ఉంచి, బ్యాటరీ మార్చేవాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా వాళ్లకే ఇవ్వండి. ఇంకా ప్రశ్నలుంటే ఆ పక్క నుంచి ఒక్కొక్కరు అడగండి.